ఇక్కడ మానకుండా అక్కడ చూసుకోవడం: సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు బల్మూర్, అచ్చంపేట వైపు నుంచి వచ్చాయి. నాలుగింటిదీ ఒకటే గోల: చేతిలో ఉన్న ఉద్యోగం పోకుండా, పైవాళ్ల చెవిన పడకుండా కొత్త ఉద్యోగం చూసుకోవడం ఎలా? రాసినవారి పేర్లు, వారి కంపెనీల పేర్లు తీసేశాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చాను. జడ్చర్ల దారి పట్టిన మన పిల్లలు చాలామంది అదే స్థితిలో ఉన్నారు కాబట్టి.

మాది బల్మూర్ మండలం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసిన. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల ఒక మందుల కంపెనీల, క్యూసీల నాలుగేండ్ల మూడు నెలల సంది చేస్తున్న. గ్రాస్ 28 వేలు, అండ్ల బేసిక్ 14 వేలు. హైదరాబాద్ దిక్కు పోదామని చూస్తున్న. రూముల నలుగురం ఉంటం, అందరిదీ ఒకటే కంపెనీ, ముగ్గురం మా మండలపోళ్లమే. పోయినేడు మా సెక్షన్‌ల ఒకాయన ఇంటర్వ్యూకు పోయిన సంగతి బాస్‌కు తెలిసి ఇంక్రిమెంట్ ఆపిండ్రు, నైట్ షిఫ్టులే ఏసిండ్రు. నోటీసు 60 రోజులు. ఎవలకు తెల్వకుండ ఎట్ల చూసుకోవాలె? అప్లై చేస్తే పీఎఫ్ నంబర్ల కనబడ్తదా సార్?

పీఎఫ్ సంగతి ముందు చెప్పేస్తే మీ సగం భయం పోతుంది. మీరెన్ని కంపెనీలకు అప్లై చేసినా, ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లినా యూఏఎన్‌లో ఏమీ నమోదు కాదు. కొత్త కంపెనీ మిమ్మల్ని చేర్చుకుని, మీ నంబరు మీద పీఎఫ్ కట్టడం మొదలుపెట్టాకే అక్కడ రెండో పేరు కనిపిస్తుంది. అప్పటికి మీరు ఎలాగూ పాత చోట ఉండరు.

గుట్టు బయటపడేది కంప్యూటర్ల వల్ల తక్కువ, మనుషుల వల్ల ఎక్కువ. మీ సెక్షన్ ఆయన సంగతి బాస్‌కు ఎవరు చెప్పారో ఒకసారి ఆలోచించండి. పోలేపల్లిలో మీ బస్సులో ఎక్కేవాళ్లు, మీ మెస్‌లో తినేవాళ్లు, మీ రూములో పడుకునేవాళ్లు అందరూ ఒకే గేటు లోపలికి పోతారు. పైగా ఊరి సంబంధం. మీరు అమ్మకు చెబితే అమ్మ మేనమామకు చెబుతుంది, ఆయన కొడుకు మీ పక్క బ్లాకులోనే పనిచేస్తుంటాడు. ఇందులో ఎవరికీ మీమీద పగ ఉండదు. ‘మనోడు హైదరాబాద్ పోతుండు’ అని సంబరంగానే చెబుతారు. అందుకని చేతికి ఆఫర్ లెటర్ వచ్చేదాకా రూములోనూ ఇంట్లోనూ చెప్పకండి. పెళ్లయి ఉంటే భార్యకు చెప్పండి, వేరే సంగతి. ఒక్కరి సలహా కావాలనుకుంటే ఇప్పటికే మీ కంపెనీ మానేసి వెళ్లిపోయిన సీనియర్‌ను పట్టుకోండి. ఆయనకు ఆ పని తెలుసు, ఆ గేటుతో పని లేదు.

ఇక నౌకరీ లాంటి సైట్లు. అక్కడ ప్రొఫైల్ పెట్టగానే మీ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకు కూడా అది కనిపించే వీలుంది, ఎందుకంటే వాళ్లూ అక్కడే మనుషుల్ని వెతుకుతారు. ఫలానా కంపెనీకి నా ప్రొఫైల్ చూపించొద్దు అని బ్లాక్ చేసుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. ప్రొఫైల్ పెట్టిన మరుక్షణమే ఆ పని చేయండి. ఒక్క పేరు బ్లాక్ చేసి ఊరుకుంటే చాలదు. మందుల కంపెనీలకు ఒకే యాజమాన్యం కింద రెండు మూడు పేర్లుంటాయి. జీతం చీటీ మీద ఒక పేరు, గేటు మీద ఒక పేరు, ముడి మందు తయారుచేసే యూనిట్‌కు ఇంకో పేరు ఉండొచ్చు. అన్నీ రాసుకుని అన్నింటినీ బ్లాక్ చేయండి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. అదే కన్సల్టెన్సీలు. మీరు బ్లాక్ చేసింది కంపెనీని, కన్సల్టెన్సీని కాదు. మీ రెజ్యూమె దింపుకున్న కన్సల్టెన్సీవాడు దాన్ని పది కంపెనీలకు పంపుతాడు, ఆ పదింటిలో మీ కంపెనీ కూడా ఉండొచ్చు. సొంత క్యూసీ హెడ్ టేబుల్ మీదికే సొంత రెజ్యూమె చేరిన సంగతులు ఈ రంగంలో కొత్తేమీ కాదు. కాబట్టి కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే ‘ఏ కంపెనీకి పంపుతున్నారో ముందు చెప్పండి, నేను సరేనంటేనే పంపండి’ అని నోటితో చెప్పి, అదే మాట మెసేజ్‌లోనూ పెట్టండి. కంపెనీ పేరు చెప్పనన్నవాడికి రెజ్యూమె ఇవ్వొద్దు. రెజ్యూమె మీద ఇప్పటి కంపెనీ పేరు తీసేసి ‘జడ్చర్లలోని ఒక ఫార్ములేషన్ కంపెనీ’ అని రాసే పద్ధతీ ఉంది. మొదటి వడపోతకు అది సరిపోతుంది, పేరు ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు.

ఫోన్ దగ్గర దొరికిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. మీ ల్యాబ్‌లోకి ఫోన్ రానివ్వరు, లాకర్‌లో పెట్టి వెళ్తారు. సాయంత్రం తీసి చూస్తే ఐదు మిస్డ్ కాల్స్ ఉంటాయి. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ రెండుసార్లు చేసి వదిలేస్తుంది, ఆ అవకాశం అక్కడితో సరి. లేదంటే క్యాంటీన్‌లో టేబుల్ మీద ఫోన్ మోగుతుంది, ట్రూకాలర్ ఫలానా ఫార్మా హెచ్‌ఆర్ అని పెద్దక్షరాలతో చూపిస్తుంది, ఎదురుగా మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఇడ్లీ తింటుంటాడు. ఈ రెండింటికీ మందు ఒకటే. అప్లై చేసేటప్పుడే మీరు మాట్లాడగలిగే వేళ రాసేయండి. పొద్దున 6 నుంచి 2 దాకా ఏ షిఫ్ట్ అయితే ‘మధ్యాహ్నం 3 తర్వాత’ అనీ, బీ షిఫ్ట్ వారమైతే ‘ఉదయం 10 నుంచి 12 మధ్య’ అనీ రాయండి. షిఫ్ట్ మారే కంపెనీల సంగతి వాళ్లకూ తెలుసు కాబట్టి తప్పుపట్టరు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు, మెయిల్స్ కనిపించకుండా ఆపేయండి. కంపెనీ మెయిల్, కంపెనీ వైఫై, కంపెనీ ప్రింటర్ ఈ పనికి ముట్టుకోవద్దు. ప్రింటర్ ట్రేలో మర్చిపోయిన ఒక్క రెజ్యూమె కాగితం చాలు.

ఇంటర్వ్యూకు సెలవు సంగతి. అబద్ధపు సిక్ లీవు పెట్టకండి. ఇంటర్వ్యూకు వెళ్లడం నేరమేమీ కాదు, దొంగ మెడికల్ సర్టిఫికెట్ మాత్రం కంపెనీ రూల్స్‌లో దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. చర్య తీసుకోవాలనుకున్న బాస్‌కు ఆ కాగితం మీరే చేతికిచ్చినట్టవుతుంది. నానమ్మను ఏడాదికి రెండుసార్లు చంపేవాళ్లనూ హెచ్‌ఆర్ వాళ్లు బాగానే గుర్తుపెట్టుకుంటారు. వీక్లీ ఆఫ్, కాంప్ ఆఫ్, ఏ షిఫ్ట్ తర్వాతి సాయంత్రం, ఈ మూడూ వాడుకోండి. మొదటి రౌండ్ ఫోన్‌లోనో వీడియోలోనో పెట్టమని అడగండి. చాలామంది సరేనంటారు. నేరుగా రమ్మన్న రోజుకు మాత్రమే ఒక సీఎల్ వాడండి, కారణం దగ్గర ‘సొంత పని’ అని రాయండి. నెలలో మూడు గేట్ పాసులు, మూడింటి మీదా రెండు గంటల పర్మిషన్ ఉంటే, ఎవరూ చెప్పకపోయినా ఇన్‌ఛార్జి కనిపెట్టేస్తాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, చేతిలో ఫైలుతో కంపెనీ బస్సెక్కినా అంతే.

ఆదివారం వాక్-ఇన్‌లకు వెళ్తే మీవాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే తగులుతారు. దానికి కంగారు వద్దు. వాళ్ల అవసరమూ మీదే కాబట్టి వాళ్లూ నోరు విప్పరు. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ఇప్పటి కంపెనీ రాయమంటారు, పైన ఎవరెవరు రాశారో చూస్తూ నిలబడేవాళ్లూ ఉంటారు. కంపెనీ పేరు గడిలో ‘ఇంటర్వ్యూలో చెబుతాను’ అని రాసినా ఎవరూ వెనక్కి పంపరు.

మీ రంగానికే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంటర్వ్యూలో ‘హెచ్‌పీఎల్‌సీ మీద ఏం చేశారు, ఓఓఎస్ వస్తే ఏం చేస్తారు’ అని అడుగుతారు. ఫలితం స్పెసిఫికేషన్ దాటిపోతే మొదట ల్యాబ్ పొరపాటు ఉందేమో ఎలా చూస్తారు, ఎవరికి చెబుతారు, మళ్లీ పరీక్ష ఎప్పుడు చేస్తారు, ఇదంతా పని తెలిసినట్టు చెప్పండి. ఏ మందు, ఏ బ్యాచ్, ఏ కస్టమర్ అన్నది చెప్పకండి. ‘నేను నిజంగా చేశాను’ అని చూపించడానికి రికార్డు పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లే కుర్రాళ్లున్నారు. అది కొంప ముంచే పని. ఉద్యోగం వెతుకుతున్నందుకు ఎవరూ మీ మీద కేసు పెట్టలేరు, కంపెనీ రికార్డు బయటికి తీసుకెళ్లినందుకు పెట్టగలరు. ఆ ఫొటో చూసిన కొత్త కంపెనీవాడు కూడా ‘రేపు మా రికార్డు ఇలాగే ఇంకొకడికి చూపిస్తాడు’ అనే అనుకుంటాడు.

కాగితాలు ఇప్పటినుంచే పోగు చేయండి. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, గత మూడు నెలల జీతం చీటీలు, జీతం పడే ఖాతా స్టేట్‌మెంట్ అడుగుతారు. చీటీలు ప్రతి నెలా జీతం పడ్డరోజే దింపుకుని సొంత మెయిల్‌కు పంపుకోండి. ఏడాదిగా తెరవని పోర్టల్‌ను ఒక్క రాత్రి తెరిచి పన్నెండు చీటీలు దింపుకునే కన్నా ఇది మేలు.

కొత్త కంపెనీ వివరాల ఫారంలో ‘ఇప్పటి యజమానిని సంప్రదించవచ్చా’ అని ఒక ప్రశ్న ఉంటుంది. చదవకుండా ‘అవును’ అని టిక్ పెట్టేవాళ్లు ఎందరో. ‘రాజీనామా ఇచ్చాకే’ అని రాయండి. రిఫరెన్స్ కింద మానేసి వెళ్లిన ఆ సీనియర్ పేరు ఇవ్వండి, ముందుగా ఆయనను అడిగి. యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడిగితే మీరే లాగిన్ అయి దింపి పంపండి. ఫోన్‌లో ఓటీపీ చెప్పమంటే చెప్పొద్దు. ఒక మాట గుర్తుంచుకోండి. మౌనంగా ఉండటం పాత కంపెనీ దగ్గరే, కొత్త కంపెనీ దగ్గర కాదు. ఆరు నెలలు చేసి వదిలేసిన పాత ఉద్యోగాన్ని దాచినా, జీతం నాలుగు వేలు పెంచి చెప్పినా సర్వీస్ హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టిచ్చేస్తాయి. అప్పటికి ఇక్కడ రాజీనామా ఇచ్చి ఉంటే ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. కొత్తచోట 33 వేలు ఇస్తామన్నారనుకుందాం. ‘సెలెక్ట్ అయ్యావు, వెంటనే రాజీనామా ఇచ్చి ఆ మెయిల్ మాకు పంపు’ అంటారు. ఇవ్వకండి. ముందు ఆఫర్ లెటర్ రావాలి, అందులో జీతం విడమరిచి ఉండాలి, చేరాల్సిన తేదీ మీ 60 రోజులకు సరిపడేలా ఉండాలి. లెటర్ చివర చిన్నక్షరాల్లో ‘వైద్య పరీక్షకు, వివరాల తనిఖీకి లోబడి’ అని ఉంటుంది. మందుల కంపెనీల్లో వైద్య పరీక్ష మాటవరసకు పెట్టేది కాదు, చూపు కూడా చూస్తారు. వీలైతే ఆ పరీక్ష రాజీనామాకు ముందే చేయించమని అడగండి. ఒప్పుకునే కంపెనీలున్నాయి.

వాళ్లు 30 రోజుల్లో రమ్మంటే మిగతా 30 రోజులకు డబ్బు కట్టాలి. అది గ్రాస్ మీదనా బేసిక్ మీదనా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి. గ్రాస్ అయితే 28 వేలు, బేసిక్ అయితే 14 వేలు. ‘యాజమాన్యం అంగీకరిస్తే’ అన్న మాట ఉందేమో కూడా చూడండి. ఉంటే డబ్బు కడతానన్నా వదలకపోవచ్చు. ఆ సొమ్ము కొత్త కంపెనీ భరిస్తానంటే నోటిమాట సరిపోదు, మెయిల్‌లో రాయించుకోండి.

గ్రాట్యుటీ ఇంకొకటి. దానికి ఐదేళ్ల సర్వీసు కావాలి. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కకడతారు. 14 వేల మీద ఐదేళ్లకు సుమారు 40,385 రూపాయలు వస్తుంది. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు చెప్పింది గానీ, కంపెనీలన్నీ దాన్ని ఒప్పుకుని ఇవ్వవు. మీకు ఐదేళ్లు నిండడానికి ఇంకా తొమ్మిది నెలలుంది. కొత్తచోట నెలకు 5 వేలు ఎక్కువంటే తొమ్మిది నెలలకు 45 వేలు. కాబట్టి గ్రాట్యుటీ కోసమే ఆగాల్సిన పని లేదు. పెరిగేది నెలకు 3 వేలే అయితే లెక్క తిరగబడుతుంది. తొమ్మిది నెలలకు 27 వేలే వస్తుంది, పోయేది 40 వేలు. అప్పుడు వెతకడం ఆపొద్దు, చేరే తేదీని వెనక్కి జరుపుకోండి. మీ 60 రోజుల నోటీసు కాలం కూడా సర్వీసులోకే వస్తుంది, అది మరవొద్దు.

ఈలోగా బాస్ పిలిచి ‘ఇంటర్వ్యూకు పోయినవా’ అని మొహం మీదే అడిగితే? అబద్ధం చెబితే రెండు నెలల తర్వాత రాజీనామా ఇచ్చేటప్పుడు ఆ మొహమే చూడాలి. నిజమంతా చెప్పాల్సిన పనీ లేదు. ‘మంచి అవకాశమేదన్నా ఉంటే చూస్తుంట సార్, ప్రస్తుతానికి నా పని ఇక్కడే’ అనండి. అంతకు మించి వివరం ఇవ్వొద్దు. ఎక్కడికి వెళ్లారన్న పేరు అసలు చెప్పకండి. ఈ రంగంలో క్యూసీ హెడ్‌లు ఒకరికొకరు ఫోన్ చేసుకునేంత దగ్గరివాళ్లు.

రాజీనామా మెయిల్‌లో పెట్టి, దాని కాపీ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆ క్షణం నుంచి దాపరికం అక్కర్లేదు, పని అప్పగించడం మొదలుపెట్టండి. పెండింగ్ రికార్డుల మీద సంతకాలు, లాకర్ తాళం, ఐడీ కార్డు అన్నీ రాతపూర్వకంగా అప్పగిస్తేనే రిలీవింగ్ లెటర్ తొందరగా వస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసి వెళ్లినవారికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. నెలా నెలన్నర తిప్పే పాత అలవాటు మానని కంపెనీ ఎదురైతే ఈ మాట మెయిల్‌లో మర్యాదగా గుర్తుచేయండి. పీఎఫ్‌లో వెళ్లిపోయిన తేదీ వాళ్లు వేయకపోతే, చివరిసారి పీఎఫ్ పడ్డ రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో యూఏఎన్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

నేను అచ్చంపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో మ్యాథ్స్ టీచర్‌ను, ఊరు బల్మూర్ దగ్గర. చేరేటప్పుడు నా బీఈడీ, డిగ్రీ, టెన్త్ ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకున్నారు. నాగర్‌కర్నూల్‌లో ఇంకో స్కూల్‌కు మారాలని ఉంది. అడిగితే అనుమానం వస్తుంది, అడగకపోతే సర్టిఫికెట్లు రావు. ఏం చేయాలమ్మా అని అడగడానికి కూడా ఎవరూ లేరు.

అమ్మా, మీ సర్టిఫికెట్లు మీ సొత్తు. వాటిని తాకట్టులా బీరువాలో పెట్టుకునే హక్కు స్కూలుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఈ మాట కరస్పాండెంట్ ముందు ఇప్పుడే అనకండి. అంటే మీ ఉద్దేశం ఆయనకు ఈరోజే తెలుస్తుంది.

ఒరిజినల్స్ లేకుండానే మీరు వెతకడం మొదలుపెట్టవచ్చు. ఇంటర్వ్యూకూ డెమో క్లాసుకూ జిరాక్సులు చాలు. డిజిలాకర్‌లో మీ మెమోలు దొరుకుతాయేమో చూసుకోండి, అక్కడ దొరికిన కాగితానికి అసలుతో సమానమైన విలువ ఉంది. కొత్త స్కూల్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి: ‘ఒరిజినల్స్ పాత స్కూల్లో ఉన్నాయి, ఏప్రిల్‌లో తెచ్చుకుంటాను’ అని. వాళ్లూ ఇదే పద్ధతి పాటిస్తుంటారు కాబట్టి వెంటనే అర్థమవుతుంది. ‘అయితే మాకూ ఇవ్వాలి’ అన్నారంటే ఆ స్కూలు ఎలాంటిదో మీకు ముందే తెలిసిపోయినట్టు.

మీకు వేళ ముఖ్యం. మన దగ్గర బడులు జూన్ 12న తెరుస్తారు. మంచి స్కూళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే మ్యాథ్స్, సైన్స్ టీచర్లను మాట్లాడి పెట్టుకుంటాయి. ఆ నెలల్లోనే ఇంకొకరు కూడా బడి బడికీ తిరుగుతుంటారు. వాళ్లే పుస్తకాల పబ్లికేషన్ ఏజెంట్లు. పొద్దున అచ్చంపేటలో మీ స్టాఫ్ రూములో కూర్చున్న మనిషి మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో ఇంకో స్టాఫ్ రూములో చాయ్ తాగుతుంటాడు. ఎవరు ఎక్కడ డెమో ఇచ్చారో ఆయనకు తెలిసినంత విద్యాశాఖకు కూడా తెలియదు. అందుకని డెమోకు సాయంత్రమో ఆదివారమో అడగండి, ఒకే వారం నాలుగు బడులు తిరగకండి.

ఒరిజినల్స్ అడగడానికి నిజమైన కారణమే వాడండి. డీఎస్సీకి మీరు అప్లై చేసి ఉంటే, సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ కావాలన్నది ఎవరూ కాదనలేని మాట. ప్రైవేటు టీచర్లంతా రాసే పరీక్షే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తీసుకున్నాక తిరిగి ఇవ్వమంటే జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి, చాలు. ఆ దారి లేకపోతే ఏప్రిల్‌లో చివరి పరీక్షల పేపర్లు దిద్దేసి, మార్కులు అప్పగించి, అప్పుడు రాజీనామాతో పాటే అడగండి. ఏయే సర్టిఫికెట్లు ఏ తేదీన ఇచ్చారో ఒక జాబితా రాసి, ‘ఇవి తిరిగి ఇవ్వగలరు’ అని రెండు కాపీలు చేసి ఒకదాని మీద స్కూలు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి. చాలాచోట్ల ఆ పోస్టు రసీదు చూశాకే బీరువా తెరుచుకుంటుంది. మే నెల జీతం ఇస్తారా ఇవ్వరా అన్నది మాత్రం ముందుగానే తెలుసుకుని రాజీనామా తేదీ రాయండి. వేసవి జీతం ఎగ్గొట్టడానికి ఏప్రిల్ రాజీనామా కంటే మంచి సాకు వాళ్లకు ఉండదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, వారానికి మూడు రోజులు ఇంటి నుంచి పని. బల్మూర్‌లో ఉన్నప్పుడే ఇంటర్వ్యూలు ఇస్తున్నాను. లింక్డ్‌ఇన్‌లో మా మేనేజర్ నా కనెక్షన్. ఇంకో సంగతి: కొత్త కంపెనీవాళ్లు ‘నోటీసు అయ్యేలోపు రాత్రిళ్లు రెండు గంటలు మాకు పని మొదలుపెట్టు, డబ్బులిస్తాం’ అంటున్నారు. చేయవచ్చా?

రెండో ప్రశ్నకు ముందు జవాబు: చేయవద్దు. వెతుక్కోవడం వేరు, చేయడం వేరు. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు ఏకకాలంలో పనిచేస్తున్న దాదాపు 300 మందిని తొలగించామని బహిరంగంగానే చెప్పారు. వాళ్లలో ఎవరినీ ఉద్యోగం వెతికినందుకు తీసేయలేదు. మీ నోటీసు చివరి రోజు వరకూ మీరు పాత కంపెనీ ఉద్యోగే, అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయరాదన్న షరతు అప్పటిదాకా వర్తిస్తుంది. ఆ రెండు గంటల డబ్బు మీ ఖాతాలో పడితే అది శాశ్వతమైన సాక్ష్యం. అంత తొందరగా ఉన్న కంపెనీని నోటీసు డబ్బు కట్టి మిమ్మల్ని ముందే విడిపించమని అడగండి.

లింక్డ్‌ఇన్‌లో `Open to work` పెట్టేటప్పుడు ఎవరికి చూపించాలో అడుగుతుంది. `All LinkedIn members` ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ పడి మీ మేనేజర్‌తో సహా లోకమంతా చూస్తుంది. `Recruiters only` ఎంచుకోండి. అప్పుడు కూడా మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ వాళ్లే రాశారు. ప్రొఫైల్ దిద్దేటప్పుడు `Notify network` ఆపేయండి. ఒకే రాత్రి ఫొటో, హెడ్‌లైన్, పది కొత్త స్కిల్స్ అన్నీ మార్చకండి. వారానికొకటి మారిస్తే ఎవరి కంటా పడదు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో వీడియో ఇంటర్వ్యూ ఇవ్వొద్దన్నది మీకు తెలిసే ఉంటుంది. ఊళ్లో నెట్ నిలవదని ఆఖరి నిమిషంలో దాన్నే తెరిచేవాళ్లున్నారు. ఇంటర్వ్యూ రోజు అచ్చంపేటలో తెలిసినవాళ్లింట్లో కూర్చోండి, లేదా ఫోన్‌లోనే ఇవ్వండి. పనివేళల్లో ఇవ్వాల్సి వస్తే సగం రోజు సెలవు పెట్టి ఇవ్వండి. పని చేస్తున్నట్టు స్టేటస్ పచ్చగా ఉంచి ఇంటర్వ్యూలో ఉండటం, పట్టుబడితే, సమర్థించుకోలేని పని.

మా మండలంలో పంచాయతీ కార్యదర్శిగా చేస్తున్నాను. గ్రూప్-2 రాయాలని ఉంది. ఎంపీడీఓకు తెలియకుండా అప్లై చేయవచ్చా?

మీ విషయంలో పైన చెప్పినవేవీ పనికిరావు. సర్కారు కొలువులో ఉండి ఇంకో సర్కారు కొలువుకు అప్లై చేసేవారు, తాత్కాలిక హోదాలో ఉన్నా సరే, తమ కార్యాలయ అధిపతికి రాతపూర్వకంగా తెలియజేయాలనీ, కమిషన్ అడిగినప్పుడు నిరభ్యంతర పత్రం ఇవ్వాలనీ నోటిఫికేషన్లలోనే ఉంటుంది. దాచిపెట్టి రాసి, ర్యాంకు వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఆ పత్రం కోసం పరుగెత్తితే, సంతకం పెట్టాల్సిన అధికారి అప్పుడే బదిలీ మీద ఉండవచ్చు, సెలవులో ఉండవచ్చు, లేదా చెప్పలేదన్న కోపంలో ఉండవచ్చు. అప్లై చేసిన వారంలోనే దరఖాస్తు నంబరు వేసి ఒక లేఖ ఇవ్వండి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్న కాపీ దాచుకోండి. చదువుతున్నారన్న సంగతి తోటి కార్యదర్శులకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. వాళ్లలోనూ సగం మంది అదే చదువుతుంటారు.